సర్వర్ ఊళ్లోనే ఉంది, ప్యాకెట్ మాత్రం హైదరాబాద్ వెళ్లొస్తోంది

విశాఖపట్నంలో ఒక కుర్రాడు ఫోన్‌లో క్లౌడ్ గేమ్ ఆడుతున్నాడనుకుందాం. ఆట నిజంగా నడిచేది ఫోన్‌లో కాదు, ముంబైలోని ఒక సర్వర్‌లో. అతను బటన్ నొక్కిన కబురు అక్కడికి చేరాలి, సర్వర్ కొత్త దృశ్యం తయారు చేయాలి, అది తిరిగి ఫోన్‌కు రావాలి. సెకనుకు 60 దృశ్యాలు కావాలి కాబట్టి ఒక్కోదానికి దక్కేది 16.7 మిల్లీసెకన్లే. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి వెయ్యి కిలోమీటర్లు దాటడానికి సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది. హైదరాబాద్ మీదుగా ముంబైకి కేబుల్ దారి 1500 కిలోమీటర్లు అనుకుంటే, రానూపోనూ 15 మిల్లీసెకన్లు. అంటే దాదాపు ఒక దృశ్యానికి పట్టే సమయం ప్రయాణానికే సరి. రూటర్ల దగ్గర ఆగే సమయం దీనికి అదనం.

అందుకే సర్వర్‌నే టవర్ల దగ్గరికి తెద్దామన్న ఆలోచన పుట్టింది. దీని పేరు మల్టీ యాక్సెస్ ఎడ్జ్ కంప్యూటింగ్, పొట్టిగా మెక్. ఐరోపా టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీ 2014 డిసెంబరులో దీనికోసం ఒక బృందాన్ని వేసింది. టవర్ల దగ్గర అంటే ప్రతి టవర్ కిందా ఒక సర్వర్ పెడతారని కాదు. అంత ఖర్చు ఎవరూ భరించలేరు. చాలా టవర్ల కేబుళ్లు వచ్చి కలిసే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ లాంటి చోట ఒకట్రెండు ర్యాకులు పెడతారు.

అయితే సర్వర్‌ను ఊళ్లోకి తెచ్చినంత మాత్రాన పని అయిపోదు. ఫోన్ పంపే ప్రతి ప్యాకెట్‌నూ టవర్ ఒక టన్నెల్‌లోకి ఎక్కిస్తుంది. సీలు వేసిన పోస్టు సంచి లాంటిదది: దారిలో ఎవరూ విప్పరు, చివరనున్న గేట్‌వే మాత్రమే విప్పుతుంది. 5జీలో ఆ గేట్‌వేను యూపీఎఫ్ అంటారు. అది హైదరాబాద్‌లో ఉందనుకోండి, విశాఖ నుంచి కేబుల్ దారి 700 కిలోమీటర్లు. ఇప్పుడు విశాఖ సర్వర్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్ కూడా ముందు హైదరాబాద్ వెళ్లాలి, అక్కడ సీలు విప్పించుకుని మళ్లీ విశాఖ రావాలి. జవాబుదీ అదే దారి. మొత్తం 2800 కిలోమీటర్లు, 14 మిల్లీసెకన్లు. సర్వర్ హైదరాబాద్‌లోనే ఉంటే ఇందులో సగం సరిపోయేది! పక్కవీధిలో ఉన్న సర్వర్ పరాయి ఊరి సర్వర్ కంటే నెమ్మది అవుతుందన్నమాట.

కాబట్టి కదిలించాల్సింది గేట్‌వేని. 5జీలో ఫోన్‌ను గుర్తించి అనుమతించే యంత్రాంగం వేరు, డేటాను మోసే యూపీఎఫ్ వేరు. మొదటిది హైదరాబాద్‌లోనే ఉంచి, ఒక చిన్న యూపీఎఫ్‌ను విశాఖ ఎక్స్ఛేంజ్‌లో మెక్ సర్వర్ పక్కన పెట్టవచ్చు. అది గమ్యం చిరునామా చూసి గేమ్ ప్యాకెట్లను అక్కడికక్కడే దించేస్తుంది, మిగతావాటిని ఎప్పటిలాగే ముందుకు పంపుతుంది. దారి 50 కిలోమీటర్లకు తగ్గితే రానూపోనూ అర మిల్లీసెకను.

ఇక్కడా ఒక చిక్కుంది. గేమ్ యాప్ ముందుగా సర్వర్ చిరునామా అడిగేది డీఎన్ఎస్‌ను. ఆ కుర్రాడు సెట్టింగుల్లో ఏదో బయటి డీఎన్ఎస్ పెట్టుకుని ఉంటే, దానికి విశాఖలో ఒక మెక్ సర్వర్ ఉన్న సంగతి తెలియకపోవచ్చు. ముంబై చిరునామా ఇస్తుంది. అన్నీ సవ్యంగా అమర్చినా ఆట పాత దారినే పోతుంది, తప్పు ఎక్కడుందో బయటికి కనిపించదు.

మెక్ తగ్గించేది కేబుల్ దారిని మాత్రమే, గాలిలో పోయే సమయాన్ని కాదు. ఫోన్ ఏదైనా పంపాలంటే సాధారణంగా ముందు టవర్‌ను అనుమతి అడగాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. మామూలు 5జీలో ఇందుకే రానూపోనూ పది, ఇరవై మిల్లీసెకన్లు పోవచ్చు. ప్రకటనల్లో ఊరించే 1 మిల్లీసెకను ప్రత్యేకమైన అమరికలకు పెట్టుకున్న లక్ష్యం, మన చేతిలోని ఫోన్‌కు ఇచ్చిన హామీ కాదు. ఇక సాయంత్రం టవర్ కిక్కిరిసిపోతే ఆ నిరీక్షణ ఇంకెంతో పెరుగుతుంది, అప్పుడు సర్వర్ ఎక్కడున్నా ఒకటే. తేడా కనిపెట్టాలంటే సగటు పింగ్ కాదు, వరుసగా వందసార్లు పింగ్ చేసి ఎక్కువ ఆలస్యమైనవాటిని చూడాలి. అర్ధరాత్రి కూడా అంకె ఎప్పుడూ ఒక స్థాయి కంటే కిందికి రాకపోతే దూరాన్ని అనుమానించాలి. అర్ధరాత్రి బాగుండి సాయంత్రం ఎగిరెగిరి పడుతుంటే అది రద్దీ.

కుర్రాడు కారెక్కి విజయవాడ బయల్దేరితే మరో సమస్య. ఏదో ఒక చోట విశాఖ యూపీఎఫ్ దూరమై, దగ్గరలోని ఇంకో యూపీఎఫ్‌కు మారాలి. దాంతో ఫోన్ ఐపీ చిరునామా మారిపోవచ్చు. 5జీలో కొత్త దారి సిద్ధమయ్యేదాకా పాత దారిని తెంచకుండా ఉంచే పద్ధతి ఉంది. కానీ ఆటలో అతను ఎక్కడున్నాడు, స్కోరెంత అన్నది పాత సర్వర్ మెమరీలో ఉంటుంది. దాన్ని కొత్త సర్వర్‌కు చేరవేయడం గేమ్ తయారుచేసినవాళ్ల పని, నెట్‌వర్క్ చేసిపెట్టదు. అందుకే నా ఉద్దేశంలో మెక్ ముందు నిలదొక్కుకునేది కదిలే ఆటగాళ్ల దగ్గర కాదు. పోర్టు ఆవరణలోని క్రేన్లు, ఫ్యాక్టరీలోని కెమెరాల దగ్గర. అక్కడ యంత్రాలు గేటు దాటి పోవు, ఖర్చు భరించే యజమానీ ఒక్కడే.