ఫ్యూజు కాపాడేది తీగను

ఖతార్‌లో శీతకాలం రాగానే దోహాలోని తెలుగు కుటుంబాలు కూడా మెసయీద్ దాటి సీలైన్ ఇసుక దిబ్బల వైపు బండ్లు తిప్పుతాయి. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలిని పదిహేను పౌండ్ల వరకు తగ్గించడం, తిరిగి తారు రోడ్డు ఎక్కే ముందు ముప్పై పౌండ్లకు పైగా నింపుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ గాలి నింపే చిన్న కంప్రెసరును చాలామంది సిగరెట్ లైటర్ సాకెట్‌లోనే గుచ్చుతారు. అదే సాకెట్‌కు తగిలించిన మూడు నోళ్ల అడాప్టరులో అప్పటికే రెండు ఫోన్లూ, అద్దం మీది డాష్ కెమెరా వేలాడుతూ ఉంటాయి. మూడో టైరు సగం నిండేసరికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. ఫ్యూజు పోయిందన్నమాట.

ఇది ఎందుకు జరిగిందో లెక్క వేసి చూడవచ్చును. ఇంజను నడుస్తున్నప్పుడు సాకెట్ వద్ద సుమారు 14 వోల్టులు ఉంటాయి. ఒక్కొక్కటి 20 వాట్ల చొప్పున రెండు ఫోన్లకు 40 వాట్లు, కెమెరాకు మరో 5 వాట్లు కావాలి. చార్జరులో వృథా అయ్యే కొద్ది భాగాన్ని కలుపుకుంటే ఇవన్నీ తీసుకునే విద్యుత్తు నాలుగు ఆంపియర్లకు మించదు. కంప్రెసరు సంగతి వేరు. ఖాళీ టైరుకు గాలి కొట్టేటప్పుడు అది పది ఆంపియర్లతో సరిపెట్టుకోవచ్చును గాని, టైరు బిగిసే కొద్దీ మోటారు మీద బరువు పెరిగి పద్నాలుగు ఆంపియర్లు లాగుతుంది. మొత్తం పద్దెనిమిది. సాకెట్ మూత మీద సాధారణంగా అచ్చు వేసి ఉండే మాట “12 వోల్టులు, 120 వాట్లు”, అనగా పది ఆంపియర్లు. దాని వెనుక ఉండే ఫ్యూజు చాలా బండ్లలో పదిహేను ఆంపియర్లది. నీలి రంగు చిన్న బిళ్ల.

పదిహేను ఆంపియర్ల ఫ్యూజు పదహారో ఆంపియరు రాగానే తెగుతుందనుకోవడం పొరపాటు. ఈ బిళ్ల ఫ్యూజులు తమ విలువకు పది శాతం మించిన విద్యుత్తును గంటల తరబడి మోయగలవు. ముప్పై అయిదు శాతం మించితే ఒక్క సెకనులో తెగవచ్చును, పది నిమిషాలు ఆగి కూడా తెగవచ్చును. రెట్టింపయితే కొద్ది సెకన్లలోనే తెగుతాయి. అందుకే మొదటి రెండు టైర్లు నిండాయి, మూడోది నిండలేదు.

అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. చేతిలో పదిహేను ఆంపియర్ల ఫ్యూజు లేనప్పుడు, ఉన్న ఆకుపచ్చ బిళ్లను, అంటే ముప్పై ఆంపియర్లదాన్ని, పెట్టి పని కానిచ్చేవారున్నారు. అప్పుడు కంప్రెసరు హాయిగా నడుస్తుంది, ఫోన్లు నిండుతాయి. ఇబ్బంది తీరినట్లే కనిపిస్తుంది. కాని ఫ్యూజు అక్కడ ఉన్నది ఫోనును కాపాడడానికో, కెమెరాను కాపాడడానికో కాదు. ఫ్యూజు పెట్టె నుండి సాకెట్ వరకు డాష్‌బోర్డు వెనుక కట్టలో కలిసి పోయే తీగను కాపాడడానికి. ఆ తీగ మందాన్ని చూసి ఫ్యూజును నిర్ణయించారే గాని, గుచ్చబోయే సామానును చూసి కాదు. తీగ మారకుండా ఫ్యూజును మాత్రమే పెంచితే, గొలుసులో అన్నిటికన్నా బలహీనమైన లంకె తీగే అవుతుంది.

తీగలో పుట్టే వేడి విద్యుత్తు వర్గాన్ని అనుసరిస్తుంది. విద్యుత్తు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు. పదిహేను ఆంపియర్ల వద్ద ఒక తీగ చుట్టూ ఉన్న గాలి కంటే పాతిక డిగ్రీలు వేడెక్కుతుందని అనుకుందాం. ముప్పై వద్ద అదే తీగ సుమారు నూరు డిగ్రీలు వేడెక్కుతుంది. చల్లని దేశంలో డాష్‌బోర్డు వెనుక పాతిక డిగ్రీలుంటే తీగ 125కు చేరుతుంది. ఖతార్ జూలై ఎండలో గంటల తరబడి నిలిపి ఉంచిన బండిలో డాష్‌బోర్డు వెనుక అరవై డిగ్రీలున్నాయంటే, అదే తీగ 160కి చేరుతుంది. తీగ మీది పి.వి.సి. తొడుగు రకాన్ని బట్టి 80 నుండి 105 డిగ్రీల వరకే తట్టుకోగలదు. తొడుగు మెత్తబడి, పక్క తీగకో, బండి ఇనుముకో రాగి తగిలితే, ముప్పై ఆంపియర్ల ఫ్యూజు అప్పుడు తెగుతుంది. కాని అప్పటికి తొడుగు కాలి ఉంటుంది. ఎండలో ఉన్న బండిలో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే దాన్ని ఎండ మీదికి నెట్టరాదు.

కంప్రెసరును సాకెట్ జోలికి పోనీయకుండా, ఇంజను నడుస్తుండగా దాని క్లిప్పులను నేరుగా బ్యాటరీకి తగిలించడం సరైన మార్గం. పెద్ద కంప్రెసర్లకు ఈ క్లిప్పులు ఇస్తారు. సాకెట్ ప్లగ్గే ఉన్న చిన్నదయితే, ఫోన్లనూ కెమెరానూ తీసివేసి, ఒక్కో టైరు మధ్య కొంత వ్యవధి ఇవ్వాలి.

డాష్ కెమెరా సమస్య దీనికి తలక్రిందులుగా ఉంటుంది. అక్కడ విద్యుత్తు ఎక్కువై కాదు, వోల్టేజీ తక్కువై చిక్కు వస్తుంది. సాకెట్ నుండి తలుపు అంచు వెంబడి, పైకప్పు లోపలి నుండి అద్దం వరకు తీగను దాచి తీసుకుపోవాలంటే మూడున్నర మీటర్లు కావాలి. పోయే రాగి, తిరిగి వచ్చే రాగి కలిపి ఏడు మీటర్లు. చవక తీగల్లో 28 గేజు రాగి ఉంటుంది. గేజు సంఖ్య పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోవాలి. ఏడు మీటర్ల 28 గేజు రాగికి నిరోధం దాదాపు ఒకటిన్నర ఓములు. కెమెరా ఒక ఆంపియరు తీసుకుంటే దారిలోనే ఒకటిన్నర వోల్టులు పోయి, అయిదుకు మూడున్నరే మిగులుతుంది. 24 గేజయితే 4.4 వోల్టులు, 20 గేజయితే 4.8కి దగ్గరగా చేరుతుంది. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి 0.4 శాతం పెరుగుతుంది గనుక, అరవై డిగ్రీల బండిలో ఈ నష్టం మరో ఆరోవంతు అధికమవుతుంది. ఉదయం చక్కగా పనిచేసిన కెమెరా మధ్యాహ్నం ఆగుతూ, మొదలవుతూ ఉండడానికి ఇదొక కారణం. ఫోను ఇటువంటి తీగ మీద తన వేగాన్ని తానే తగ్గించుకుని మెల్లగా నిండుతుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. పరీక్ష తేలిక: అర మీటరు పొట్టి తీగతో కలిపి చూసినప్పుడు కెమెరా నిలకడగా ఉంటే, దోషం పొడుగు తీగదే.

సాకెట్‌ను వదిలి కెమెరాను ఫ్యూజు పెట్టె నుండే నడిపేవారు, వోల్టేజీని అయిదుకు తగ్గించే చిన్న పెట్టె ఉన్న కిట్ కొంటారు. దాని సన్న తీగ పదిహేను ఆంపియర్ల ఫ్యూజు వెనుక క్షేమంగా ఉండదు. దానికి విడిగా రెండు ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, అదీ కెమెరా దగ్గర కాదు, విద్యుత్తు తీసుకునే చోటనే. ఫ్యూజుకు ముందున్న తీగకు కాపలా లేదు.

ఫ్యూజు కనిపెట్టలేనిది ఒకటి ఉన్నది. సాకెట్‌లో ప్లగ్గు వదులుగా ఉంటే, లేదా ఇసుక ధూళి పట్టితే, ఆ అతుకు వద్ద పదో వంతు ఓము నిరోధం చేరుతుంది. పది ఆంపియర్లు పోతుంటే అక్కడ పది వాట్ల వేడి, వేలిగోరంత చోట! విద్యుత్తు పెరగలేదు గనుక ఫ్యూజు ఎన్నటికీ తెగదు. ప్లగ్గును బయటికి తీసి, మొనను చూడాలి. నల్లబడినా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, ఆ ప్లగ్గును పారవేసి సాకెట్‌ను ఎలక్ట్రీషియనుకు చూపించాలి.