లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీ వదిలేటప్పుడు సర్వీసు డబ్బు ఇండియా అకౌంటుకు ఎలా అడగాలి

యాంగోన్ నగరానికి పడమర, లైంగ్ నది అవతలి ఒడ్డున లైంగ్‌థార్యార్ ఉంది. మయన్మార్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్న చోట్లలో ఇదొకటి. చాలా ఫ్యాక్టరీల యజమానులు బయటి దేశాలవాళ్ళే, చైనావాళ్ళు మరీ ఎక్కువ. మిషన్ మెకానిక్‌గానో, లైన్ సూపర్‌వైజర్‌గానో, క్వాలిటీ చెకింగ్‌కో అక్కడికి వెళ్ళిన మనవాళ్ళకి ఉద్యోగం ముగిసేటప్పుడు ఒకటే ప్రశ్న వస్తుంది. "నా సర్వీసు డబ్బు ఇంటి దగ్గర బ్యాంకులో వేయమని కంపెనీని అడగొచ్చా? అడిగితే వేస్తారా?"

అడగొచ్చు. కానీ గల్ఫ్‌లో అడిగినట్టు అడిగితే పని జరగదు. ఎందుకో చెప్తాను.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళకి గ్రాట్యుటీ అలవాటు. దుబాయ్‌లో ఏడాది దాటాక మనంతట మనం రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. సౌదీలో రెండేళ్ళు నిండకుండా రాజీనామా చేస్తే రాదు, రెండేళ్ళు దాటితే మూడో వంతు వస్తుంది. మయన్మార్‌లో లెక్క వేరు. అక్కడ చట్టం ఇప్పించేది గ్రాట్యుటీ కాదు, పనిలోంచి తీసేసినందుకు ఇచ్చే పరిహారం. అక్కడి కార్మిక శాఖ 2015 జూలైలో ఇచ్చిన 84వ నంబరు నోటిఫికేషన్‌లో ఇది ఉంది. కంపెనీ తీసేస్తే వస్తుంది. మనమే మానేశామని కాగితం మీద ఉంటే రాదు. కాంట్రాక్టు గడువు తీరిపోతే ఏమిస్తారన్నది మీ కాంట్రాక్టులోనే చూసుకోవాలి.

అందుకే ఆర్డర్లు తగ్గి మనుషుల్ని తగ్గించేటప్పుడు కొన్ని చోట్ల ఆఫీసువాళ్ళు ఒక కాగితం తెచ్చి "ఇది మామూలు ఫార్మాలిటీ, సంతకం పెట్టు" అంటారు. కాగితం బర్మా భాషలో ఉంటుంది, మనకి చదవడం రాదు. "సొంత ఇష్టంతో మానేస్తున్నాను" అని అందులో ఉంటే ఆ ఒక్క సంతకంతో మొత్తం డబ్బు పోయినట్టే. మన లైన్లో పనిచేసే బర్మా అక్కల్లో ఒకరిని పిలిచి చదివించుకోండి, లేదా ఫోటో తీసి తెలిసినవాళ్ళకి పంపండి. అప్పటిదాకా పెన్ను ముట్టొద్దు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, బ్యాంకు దగ్గర కాదు.

ఇక ఎంత వస్తుంది? సర్వీసును బట్టి మెట్లు ఉన్నాయి. ఆరు నెలలు దాటి ఏడాది లోపైతే అర నెల జీతం. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు ఒక నెల, రెండు నుంచి మూడేళ్ళ లోపు నెలన్నర, మూడు నుంచి నాలుగేళ్ళ లోపు మూడు నెలలు. నాలుగు నుంచి ఆరేళ్ళ లోపు నాలుగు నెలలు, ఆరు నుంచి ఎనిమిదేళ్ళ లోపు ఐదు నెలలు. ఆ పైన కూడా పెరుగుతుంది గానీ అంతకాలం అక్కడ ఉండే మనవాళ్ళు తక్కువ. లెక్క ఆఖరి నెల జీతం మీద వేస్తారు, ఓవర్‌టైమ్ కలపరు. నాలుగేళ్ళకి పది రోజులు తక్కువుండగా తీసేస్తే ఒక నెల జీతం తగ్గుతుంది చూడండి, కాబట్టి చేరిన తేదీ రుజువు చేసే కాగితం దగ్గర ఉండాలి.

ఇక్కడ మనవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. గల్ఫ్ దేశాలకి ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళ కాంట్రాక్టు మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో నమోదవుతుంది. మయన్మార్ ఆ ఈసీఆర్ దేశాల జాబితాలో లేదు. అంటే మీ కాంట్రాక్టు కాపీ మీ దగ్గర తప్ప ఇండియాలో ఇంకెక్కడా ఉండదు. కాంట్రాక్టు, జీతం స్లిప్పులు, ఐడీ కార్డు ఫోటోలు తీసి ఇంట్లోవాళ్ళకి పంపి పెట్టండి. ఉద్యోగం పోయాక అడిగితే ఆ ఆఫీసులో కాపీ ఇచ్చేవాళ్ళు దొరకరు.

ఇప్పుడు అసలు చిక్కు, డబ్బు దేశం దాటడం. ఒక లెక్క వేసి చూద్దాం. ఒక మెకానిక్ తమ్ముడు ఉన్నాడనుకోండి. కాంట్రాక్టులో జీతం నెలకి 900 డాలర్లు అని ఉంది. సర్వీసు 5 ఏళ్ళ 3 నెలలు. ఆర్డర్లు లేవని కంపెనీ నోటీసు ఇచ్చింది. నాలుగు నెలల జీతం కాబట్టి అతనికి 3,600 డాలర్లు రావాలి.

కంపెనీ "సరే, ఇస్తాం, క్యాట్లలో తీసుకో" అంటుంది. (అక్కడివాళ్ళు చాట్ అని పలుకుతారు.) 2022 ఏప్రిల్‌లో మయన్మార్ కేంద్ర బ్యాంకు డాలర్ల మీద గట్టి కట్టడి పెట్టింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి అధికారిక రేటు డాలరుకి 2,100 క్యాట్లు. ఆ రేటున 3,600 డాలర్లంటే 75,60,000 క్యాట్లు. అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ బయట మార్కెట్లో అదే డాలరు కొనాలంటే 2024లో 4,000 క్యాట్ల పైనే పెట్టాల్సి వచ్చింది. 4,000 చొప్పున వేసుకున్నా ఆ క్యాట్లతో దొరికేది 1,890 డాలర్లు. దగ్గర దగ్గర సగం కాగితం మీదే పోయింది, ఎవరూ దొంగతనం చెయ్యలేదు. పైగా క్యాట్లు సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చినా మన ఊరి బ్యాంకులో మారవు.

క్యాట్లు డాలర్లుగా మార్చి బయటికి పంపాలంటే 2022 కట్టడి తర్వాత అక్కడ విదేశీ మారక పర్యవేక్షణ కమిటీ అనుమతి కావాలి. బ్యాంకు కాంట్రాక్టు, జీతం స్లిప్పులు, పన్ను కట్టిన రసీదులు అడుగుతుంది. మన వీసా గడువేమో ఉద్యోగంతో పాటే అయిపోతుంది. అందుకే నేను చెప్పేది, డబ్బు మయన్మార్ లోపలి నుంచి రావాలని పట్టుబట్టొద్దు. ఫ్యాక్టరీ యజమాని బయటి దేశంవాడు, అతని హెడ్ ఆఫీసు హాంకాంగ్‌లోనో షాంఘైలోనో ఉంటుంది. అక్కడి అకౌంటు నుంచి నేరుగా ఇండియాకు డాలర్లు పంపమని అడగాలి. మీ కాంట్రాక్టు మీద ఏ కంపెనీ పేరు, ఏ దేశం అడ్రసు ఉందో ముందు చూడండి. హెడ్ ఆఫీసు పేరే ఉంటే మీ మాటకి బలం ఎక్కువ. లోకల్ ఫ్యాక్టరీ పేరుంటే హెడ్ ఆఫీసు ఒప్పుకోవాలి, అది బతిమాలో బేరమాడో సాధించుకోవాల్సిందే.

అడగడం నోటితో కాదు, ఉత్తరంతో. ఇంగ్లీషులో రాయించి ఈమెయిల్‌లో పంపండి, ఒక కాపీ చేతికిచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. నోటీసు వచ్చిన వారంలోనే ఇవ్వాలి. ఆఖరి రోజు ఇస్తే "చూస్తాం" అంటారు, మీరు విమానం ఎక్కాక ఎవరూ చూడరు. ఉత్తరంలో విషయం ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన మీరిచ్చిన నోటీసు ప్రకారం నా ఉద్యోగం ఫలానా తేదీన ముగుస్తుంది. నేను ఫలానా తేదీన చేరాను, సర్వీసు 5 సంవత్సరాల 3 నెలలు. 2015 నాటి 84వ నోటిఫికేషన్ ప్రకారం నాకు రావలసిన పరిహారం నాలుగు నెలల జీతం, 3,600 డాలర్లు. దీనితో పాటు ఆఖరి నెల జీతం, వాడుకోని సెలవుల డబ్బు కలిపి లెక్క కాగితం ఇవ్వగలరు. నేను స్వదేశం వెళ్ళిపోతున్నందున మొత్తం డాలర్లలో మీ హెడ్ ఆఫీసు అకౌంటు నుంచి కింది ఇండియా అకౌంటుకు పంపగలరు. అలా వీలుకాక క్యాట్లలో ఇవ్వాల్సి వస్తే చెల్లించే రోజు మార్కెట్ రేటు ప్రకారం లెక్కకట్టగలరు. మీ జవాబు ఈమెయిల్‌లో కోరుతున్నాను."

మార్కెట్ రేటుకి కంపెనీ ఒప్పుకుంటుందని గ్యారంటీ లేదు. అయినా రాయాలి. అడగకపోతే వాళ్ళకి 2,100 రేటే గుర్తుంటుంది.

కింద ఇచ్చే బ్యాంకు వివరాల్లో పొరపాటు జరిగితే డబ్బు వెళ్ళి వెనక్కి వస్తుంది, రెండు వైపులా చార్జీలు పడతాయి. పేరు పాస్‌బుక్కులో ఎలా ఉందో అలాగే ఇవ్వాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటే ముందే బ్యాంకులో సరిచేయించుకోండి. కంపెనీ ఫారంలో `IBAN` అని ఒక గడి ఉంటుంది. ఇండియాలో అది లేదు, అకౌంటు నంబరే రాయాలి. `IFSC` మన దేశం లోపల డబ్బు పంపడానికి వాడే కోడ్, బయటి దేశం నుంచి రావాలంటే `SWIFT` కోడ్ కావాలి. మండలం బ్రాంచికి సొంతంగా అది ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్ళని పంపి "ఫారిన్ నుంచి డబ్బు మా అకౌంటుకి రావాలంటే ఏ కోడ్ ఇవ్వాలి" అని మేనేజర్‌ని అడిగించి, కాగితం మీద రాయించుకోండి. చార్జీల గడిలో `OUR` అని పెడితే పంపే బ్యాంకు చార్జీలతో పాటు మధ్య బ్యాంకుల చార్జీలు కూడా కంపెనీ భరిస్తుంది, `SHA` అని పెడితే మధ్య బ్యాంకుల కోత మన డబ్బులోంచి పోతుంది. అన్నట్టు, అకౌంటు మీ పేరు మీదే ఉండాలి. భార్య పేరో తమ్ముడి పేరో ఇస్తే హెడ్ ఆఫీసు అకౌంట్స్ వాళ్ళు ఆపేస్తారు.

"హుండీలో పంపేస్తాం, రేటు కూడా బాగుంటుంది" అని ఎవరైనా అంటే వద్దనండి. ఇండియాలో అది చట్టవిరుద్ధం. డబ్బు రాకపోతే ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యలేరు కూడా.

ఆఖరి రోజున సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం అడుగుతారు. "మొత్తం అందుకున్నాను" అని ఉంటే, డబ్బు రాకముందు పెట్టొద్దు. "3,600 డాలర్లు బ్యాంకు ద్వారా ఫలానా తేదీలోగా అందవలసి ఉంది" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, అప్పుడు పెట్టండి. వాళ్ళు ఒప్పుకోకపోతే అక్కడే ఉండగా టౌన్‌షిప్ కార్మిక కార్యాలయంలోని రాజీ సంఘానికి ఫిర్యాదు ఇవ్వొచ్చు, 2012 కార్మిక వివాదాల చట్టంలో ఆ దారి ఉంది. 2021 తర్వాత అక్కడి యూనియన్లు చాలావరకు నిషేధంలో ఉన్నాయి కాబట్టి వాటి సాయం దొరకడం కష్టం. యాంగోన్‌లో మన ఎంబసీకి ఉత్తరం కాపీ పంపండి, మదద్ పోర్టల్‌లో కూడా నమోదు చెయ్యండి. ఎంబసీ డబ్బు వసూలు చేసి ఇవ్వదు. కానీ ఎంబసీ నుంచి ఒక ఈమెయిల్ వస్తే హెడ్ ఆఫీసు జవాబు ఇచ్చే తీరు మారుతుంది.

"పంపించేశాం" అని కంపెనీ చెప్పాక వారం పదిరోజులైనా అకౌంటులో పడకపోతే "బ్యాంకు సెలవులు" లాంటి మాటలు వినొద్దు. `SWIFT` కాపీ ఇవ్వమని అడగండి. పంపిన బ్యాంకు తన కస్టమర్‌కి ఇచ్చే కాగితం అది, నిజంగా పంపితే దొరుకుతుంది. దాన్ని మన బ్రాంచిలో చూపిస్తే డబ్బు ఏ మధ్య బ్యాంకులో ఆగిందో వాళ్ళు వెతికిస్తారు. ఆ కాపీ ఇవ్వలేకపోతున్నారంటే ఇంకా పంపలేదేమోనని అనుమానించాలి.