సంపూర్ణ ద్రవపోషణ చికిత్స

సంపూర్ణ ద్రవపోషణ చికిత్స అనగా క్రోన్స్ వ్యాధి గల పిల్లలకు 6 నుండి 8 వారాల పాటు మామూలు భోజనం పూర్తిగా మాన్పించి, పోషకాలన్నీ గల తయారుచేసిన ద్రవాహారాన్ని మాత్రమే ఇచ్చే పద్ధతి. దీనిని ఆంగ్లంలో ఎక్స్‌క్లూజివ్ ఎంటరల్ న్యూట్రిషన్ అని వ్యవహరిస్తారు. ఐరోపా వైద్య సంఘాలు 2014లో ప్రచురించిన మార్గదర్శకాలలో పిల్లలలో వ్యాధి ఉద్రేకాన్ని అణచడానికి దీనిని తొలి చికిత్సగా సూచించాయి. పేగు శోథ వ్యాధులలో మరొకటైన అల్సరేటివ్ కొలైటిస్‌కు ఇది చికిత్సగా పనికిరాదు.

స్టెరాయిడ్లతో పోలిక

స్టెరాయిడ్లు కూడా లక్షణాలను తగ్గిస్తాయి. అయితే అవి ఎముకలను బలహీనపరచి, పిల్లల ఎదుగుదలను కుంటుపరుస్తాయి. ద్రవపోషణ వలన ఉపశమనంతో పాటు బరువు పెరుగుతుంది. పేగు లోపలి పుండ్లు మానడం కూడా దీనితోనే ఎక్కువగా కనబడింది. ఇది ఎలా పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు. పేగులోని సూక్ష్మజీవులలో వచ్చే మార్పు, మామూలు ఆహారంలోని కొన్ని పదార్థాలు తొలగడం కారణాలు కావచ్చునని భావిస్తున్నారు.

విధానం

ఉదాహరణకు 30 కిలోల బరువు గల 12 ఏళ్ళ బాలునికి రోజుకు 2000 కిలోకాలరీలు అవసరమని ఆహార నిపుణుడు లెక్కించాడనుకుందాం. మిల్లీలీటరుకు ఒక కిలోకాలరీ ఇచ్చే ద్రవమైతే రోజుకు 2 లీటర్లు కావాలి. దీనిని 250 మిల్లీలీటర్ల చొప్పున 8 సార్లు త్రాగిస్తారు. తొలిరోజే మొత్తం ఇవ్వక, కొద్ది రోజులలో క్రమంగా పెంచుతారు. మంచినీరు త్రాగవచ్చును. త్రాగలేని పిల్లలకు ముక్కు గుండా పొట్టలోనికి సన్నని గొట్టం వేస్తారు. గడువు ముగిసిన పిదప ద్రవాన్ని తగ్గిస్తూ మామూలు ఆహారాన్ని తిరిగి మొదలుపెడతారు.

గమనించవలసినవి

బాగా చిక్కిపోయిన పిల్లలకు ఒక్కసారిగా పోషణ ఇస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. అందువలన తొలి రోజులలో రక్తపరీక్షలు చేస్తూ పరిమాణాన్ని మెల్లగా పెంచాలి.

కడుపునొప్పి, విరేచనాలు తగ్గడం, బరువు పెరగడం మేలు జరుగుతున్నదనుటకు గుర్తులు. మలంలోని కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రోటీను తగ్గితే పేగులో శోథ తగ్గినట్లు తెలుస్తుంది. 2 వారాలకు కూడా మార్పు లేకపోతే వేరే చికిత్సను ఆలోచిస్తారు. అంతకుముందు బాలుడు చాటుగా ఇతర ఆహారం తింటున్నాడా, నిర్ణయించిన మోతాదు పూర్తిగా త్రాగుతున్నాడా అని విచారించాలి. రుచి విసుగెత్తి మధ్యలో మానివేయడం ఈ చికిత్సలో ప్రధానమైన చిక్కు.

పరిమితులు

ఇది వ్యాధిని శాశ్వతంగా నయం చేయదు. వ్యాధి తిరగబెట్టకుండా వేరే మందులు కావాలి. వీటిలో అజాథయోప్రిన్ వంటివి పనిచేయడానికి రెండు మూడు నెలలు పడుతుంది గనుక, వాటిని ద్రవపోషణ సాగుతుండగానే మొదలుపెడతారు. మలద్వారం చుట్టూ నాళవ్రణాలు ఉన్న పిల్లలకు ఈ పద్ధతి ఒక్కటే చాలదు. వారికి ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులను ఆదిలోనే ఇస్తారు.