తేనెటీగ నాట్యం చదివితే అది ఏ వైపు మేతకెళ్తోందో తెలుస్తుంది

మన చేనులో మందు కొట్టకపోయినా, మన ఈగలు మందు కొట్టిన చేనుకి వెళ్లి రావచ్చు. అవి ఎటు వెళ్తున్నాయో పెట్టెలోనే చూసి తెలుసుకోవచ్చు. ఈ నాట్యం అర్థాన్ని కనిపెట్టిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కి 1973లో నోబెల్ వచ్చింది.

మంచి పూలు దొరికిన ఈగ తిరిగొచ్చి, చీకట్లో నిలువుగా ఉన్న పట్టు మీద 8 అంకె ఆకారంలో తిరుగుతుంది. మధ్యలో పొట్ట ఊపుతూ నేరుగా కొంత నడుస్తుంది. అసలు కబురు ఆ నడకలోనే ఉంది.

మొదటిది దిక్కు. పట్టు మీద పైవైపు అంటే సూర్యుడున్న వైపు. మన్సూరాబాద్‌లో మా డాబా మీది పెట్టెనే తీసుకుందాం. మార్చి నెలాఖరు, ఉదయం 8 గంటలు, సూర్యుడు దాదాపు తూర్పున ఉంటాడు. ఈగ నేరుగా పైకి నడిస్తే పూలు తూర్పున ఉన్నట్టు, కిందికి నడిస్తే పడమర. పట్టుకి ఎదురుగా నిలబడి చూస్తే కుడికి అడ్డంగా నడిచిందనుకోండి, సూర్యుడికి 90 డిగ్రీలు కుడివైపు, అంటే దక్షిణం. మాకు అది విజయవాడ హైవే వైపు.

రెండోది దూరం. పొట్ట ఊపే సమయం ఎంత ఎక్కువైతే పూలు అంత దూరం. ఇటాలియన్ ఈగకి 1 సెకను అంటే సుమారు 1 కి.మీ. అని లెక్క వేస్తారు. అదే లెక్క మన దేశీ పెట్టె ఈగకి వేస్తే తప్పుతుంది. బెంగళూరులో చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో మూడు రకాల ఈగలను పోల్చారు. పెట్టె ఈగ, చిన్న ఈగ, కొండ ఈగ. వాటిలో అన్నిటికంటే తక్కువ దూరం వెళ్లేది పెట్టె ఈగే, అదే దూరానికి ఎక్కువసేపు ఊపేదీ అదే.

అందుకే మీ కొలత మీరే తయారు చేసుకోండి. చక్కెర పానకం గిన్నెను పెట్టె దగ్గర మొదలుపెట్టి, ఈగలు అలవాటుపడే కొద్దీ మెల్లగా జరుపుతూ 100, 200, 300 మీటర్లకి తీసుకెళ్లండి. గిన్నె దగ్గర ఈగ వీపు మీద రంగు చుక్క పెడితే, పెట్టెలో దాన్నే గుర్తుపట్టి సమయం చూడొచ్చు.

ఫ్రేమ్‌ని నీడలో, నిలువుగానే పట్టుకోవాలి. ఎండ పడితే ఈగ ఆకాశాన్ని చూసి దిక్కు మార్చేస్తుంది. పక్కన గుండు కట్టిన దారం వేలాడదీసి, ఫోన్‌లో స్లో మోషన్ తీయండి. ఒక్కో నడకలో కోణం కాస్త అటూఇటూ అవుతుంది కాబట్టి ఒకే ఈగవి ఐదారు నడకలు చూసి సగటు తీయాలి. మిట్టమధ్యాహ్నం చూడొద్దు. మే, ఆగస్టుల్లో మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వస్తాడు, అప్పుడు దిక్కు తేలదు.

పూలు బాగా దగ్గర్లో ఉంటే ఈగ గుండ్రంగా తిరుగుతుంది, అందులో మనం చదవగలిగే దిక్కు దాదాపు ఉండదు. దూరంవైతే ఫలానా చెట్టు అని కాదు, ఫలానా వైపు అనే తెలుస్తుంది. చివర్లో ఈగలు కూడా వాసన పట్టుకునే పువ్వు మీద వాలతాయి. మనకి ఆ మాత్రం చాలు. ఎక్కువ నాట్యాలు ఒకే వైపు చూపిస్తుంటే, ఆ వైపు పూతలో ఉన్న చేను రైతుని కలిసి, మందు కొట్టక తప్పకపోతే ఈగలు గూటికి చేరాక, సాయంత్రం పూట కొట్టమని అడగండి.