చామనఛాయకు సరిపడే ఫౌండేషన్

షాపు లైట్ల కింద చక్కగా కలిసిపోయిన ఫౌండేషన్, వీధిలోకి రాగానే బూడిద పూసినట్టు కనిపిస్తుంది. చామనఛాయ వాళ్లకు ఇది తరచూ ఎదురయ్యే బాధే. షేడ్ మరీ లేతదైనా, గులాబీ ఛాయ ఎక్కువైనా అలాగే అవుతుంది.

ముంజేతి మీద చూడకండి. దాని రంగు వేరు. దగ్గరి షేడ్లు మూడు తీసుకుని, దవడ నుంచి మెడ మీదికి సన్నని గీతలు గీయండి. పావుగంట ఆగండి, కొన్ని ఆరాక ముదురుతాయి. తర్వాత గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని వెలుతురులో అద్దం చూడండి. గీత నారింజగా తేలితే వెచ్చని ఛాయ తక్కువున్నది, పాలిపోతే ఒక మెట్టు ముదురుది చూడండి. మెడలో కలిసిపోయి కనిపించని గీతే మీ షేడ్.