హాపర్‌లో ఎంత పడుతుంది?

రైసు మిల్లులో ధాన్యం పోసే హాపర్ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది. పై నోరు, కింది నోరు రెండూ దీర్ఘచతురస్రాలే. నాలుగు ఏటవాలు గోడలు వాటిని కలుపుతాయి. ఇందులో పట్టే ధాన్యం లెక్కకు చాలామంది పై వైశాల్యాన్నీ కింది వైశాల్యాన్నీ కూడి, సగం చేసి, ఎత్తుతో గుణిస్తారు. ఈ లెక్క ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువో ఒక హాపర్‌ను విడదీసి చూస్తే తెలుస్తుంది.

పై నోరు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. కింది నోరు అటూ ఇటూ 0.5 మీటరు, సరిగ్గా మధ్యలో. నిలువు ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. కింది నోటి అంచుల వెంట నిట్టనిలువుగా పైదాకా కోస్తే హాపర్ తొమ్మిది ముక్కలవుతుంది.

నడుమ వచ్చేది 0.5 × 0.5 × 1.5 కొలతల దీర్ఘఘనం. దాని ఘనపరిమాణం 0.375 ఘనపు మీటర్లు. దానికి నాలుగు వైపులా ఆనుకుని నాలుగు త్రిభుజ పట్టకాలుంటాయి. పొడవు వైపు ఒక్కొక్కటి 1.25 మీటర్లు, వెడల్పు వైపు ఒక్కొక్కటి 0.75 మీటరు బయటికి చాచి ఉంటాయి. పట్టకం అంటే దీర్ఘఘనంలో సగం కాబట్టి నాలుగూ కలిపి 1.5 ఘనపు మీటర్లు. ఇక మిగిలినవి నాలుగు మూలలు. ఒక్కో మూల 1.25 × 0.75 అడుగుభాగం పైకి, మొన కిందికి ఉన్న పిరమిడ్. పిరమిడ్‌లో పట్టేది అదే కొలతల దీర్ఘఘనంలో మూడో వంతే. అందువల్ల నాలుగు మూలలకూ కలిపి 1.875 ఘనపు మీటర్లు. మొత్తం 3.75 ఘనపు మీటర్లు. అందులో సరిగ్గా సగం మూలలదే.

సగటు వైశాల్యం లెక్క తప్పేది ఈ మూలల దగ్గరే. అది ఒక్కో మూలను దీర్ఘఘనంలో మూడో వంతుగా కాక సగంగా లెక్కిస్తుంది. దాంతో 3.75కు బదులు దాదాపు 4.69 వస్తుంది. పొడవులకు, వెడల్పులకు విడివిడిగా సగటు తీసి గుణించే పద్ధతి మూలను నాలుగో వంతుగానే చూస్తుంది. దాని జవాబు 3.28. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. ఘనపు మీటరుకు 560 కిలోల లెక్కన అసలు పట్టేది 2,100 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 28. మొదటి లెక్క మాత్రం 35 బస్తాలంటుంది.

ముక్కలు కోసే పని లేకుండా సరైన జవాబునిచ్చే సూత్రం ఇది. పై పొడవు, వెడల్పులు a, b; అదే దిశల్లో కింది కొలతలు c, d; ఎత్తు h అయితే:

```
V = h/6 × [ab + cd + (a+c)(b+d)]
```

పై హాపర్‌కు ab 6, cd 0.25, కూడికల లబ్ధం 3.5 × 2.5 = 8.75. మొత్తం 15. దాన్ని 1.5తో గుణించి 6తో భాగిస్తే 3.75 వస్తుంది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘లీలావతి’లో గోతుల లెక్కకు చెప్పిన పద్ధతీ ఇదే. పైన 12 × 10 హస్తాలు, అడుగున 6 × 5 హస్తాలు, లోతు 7 హస్తాలైన గోతికి అక్కడి జవాబు 490 ఘనపు హస్తాలు.

పాఠ్యపుస్తకాల్లో ఛిన్న పిరమిడ్‌కు వాడే వర్గమూలం సూత్రం, h/3 × (A + B + √(AB)), పై, కింది దీర్ఘచతురస్రాల పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటే అయినప్పుడే కచ్చితం. భాస్కరుడి గోతికి అది సరిపోతుంది. ఈ హాపర్‌కు నిష్పత్తులు వేరు గనుక 3.74 దగ్గర ఆగిపోతుంది. తేడా చిన్నదే అయినా సూత్రం దీనిది కాదు. ఆరుతో భాగించే సూత్రానికి ఈ షరతు లేదు. కింది నోరు ఒక పక్కకు జరిగి ఉన్నా, రెండు నోళ్లూ మట్టంగా ఉండి, వాటి అంచులు ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే చాలు.

కొలతల్లో ఎక్కువగా పొరపాటు జరిగేది ఎత్తు దగ్గర. టేపును గోడ వాలు వెంట పెడితే ఈ హాపర్‌లో ఒక గోడకు 1.95, పక్క గోడకు 1.68 మీటర్లు వస్తాయి. ఎత్తు ఒక్కటే ఉండాలి కాబట్టి, పక్కపక్క గోడల దగ్గర వేర్వేరు అంకెలు వచ్చాయంటే కొలిచింది వాలునే. తూకపు గుండు వేలాడదీసి, పై అంచు మట్టం నుంచి కింది నోటి మట్టం దాకా నిలువుగా కొలవాలి. పొడవు వెడల్పులను రేకు లోపలి అంచు నుంచి తీసుకోవాలి. ఇలా వచ్చేది అంచు దాకా చదునుగా నింపితే పట్టే పరిమాణం. పైన కుప్పగా పోసిన ధాన్యం ఈ లెక్కలోకి రాదు. ఘనపరిమాణాన్ని బస్తాల్లోకి మార్చేటప్పుడు ఆ ధాన్యం రకానికి, తేమకు తగ్గ బరువునే వాడాలి. ఒక ఘనపు మీటరు ధాన్యం అన్నివేళలా ఒకే బరువు తూగదు.