మధుమేహంలో మ్యూకర్‌మైకోసిస్: ముక్కు నుంచి కంటికి

మ్యూకర్‌మైకోసిస్ కారక బూజు గాలిలో, మట్టిలో ఎప్పుడూ ఉంటుంది. షుగర్ అదుపు తప్పితే దాన్ని అడ్డుకునే తెల్లరక్తకణాలు బలహీనపడతాయి. రక్తంలో ఆమ్లాలు పెరిగే కీటోఅసిడోసిస్‌లో విడుదలయ్యే ఇనుము బూజుకు ఆహారమవుతుంది. 2021లో కోవిడ్ రెండో విడతలో, స్టెరాయిడ్లతో షుగర్ పెరిగిన ఎందరికో మన దేశంలో ఈ జబ్బు సోకింది.

మొదట ముక్కు ఒకవైపే మూసుకుపోతుంది. నల్లటి లేదా రక్తపు చీమిడి వస్తుంది. అటువైపు చెంప నొప్పి పుడుతుంది లేదా మొద్దుబారుతుంది, పళ్లు కదులుతాయి. తర్వాత కన్ను వాచి, రెప్ప వాలి, ఒక వస్తువు రెండుగా కనిపిస్తుందంటే బూజు కంటిగూటికి చేరిందని అనుమానించాలి. అప్పుడు గంటలు కూడా విలువైనవే. ఎండోస్కోపీతో తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బును గుర్తిస్తారు. ఎంఆర్‌ఐ వ్యాప్తిని చూపుతుంది.

బూజు రక్తనాళాల్లోకి చొరబడి వాటిని మూసేస్తుంది. రక్తం అందక చచ్చిన కణజాలానికి మందూ చేరదు. అందుకే దాన్ని శస్త్రచికిత్సతో, అవసరమైతే పలుమార్లు, తొలగిస్తారు. మిగిలిన బూజును లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి చంపుతుంది. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, 60 కిలోల రోగికి 300 మిల్లీగ్రాములు నరం ద్వారా ఎక్కిస్తారు. కిడ్నీల పనితీరు, పొటాషియం తరచూ పరీక్షిస్తారు. పరిస్థితి మెరుగయ్యాక పోసకొనజోల్ మాత్రలకు మారుస్తారు. వీటితోపాటు ఇన్సులిన్‌తో షుగర్‌ను అదుపు చేయకపోతే జబ్బు తిరిగి విజృంభిస్తుంది.